పుస్తకం ఎదుటే ఉంది, పేజీ ఎక్కడ?

రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ డిజైన్ ప్రశ్నపత్రం పైన ఒక చిన్న వాక్యం ఉంటుంది: ఐ.ఎస్. 456 ప్రతిని వాడుకోవచ్చు. ఆ ఒక్క వాక్యంతో అది పుస్తకం చూసి రాసే పరీక్ష అయిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆనుకుని ఉన్న మద్దిలపాలెంలోనూ, ఇంజనీరింగ్ కళాశాలలున్న ఏ ఊళ్లోనైనా, సివిల్ విద్యార్థులు ఈ పుస్తకాన్ని జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకుని పరీక్షకు పట్టుకెళ్తారు. పుస్తకం చేతిలో ఉన్నాక ఇక చదవాల్సిందేముందని చాలామంది అనుకుంటారు. మార్కులు పోయేది సరిగ్గా అక్కడే. పుస్తకం చూసి రాసే పరీక్షకు జ్ఞాపకశక్తి అక్కర్లేదన్నది పొరపాటు. దానికీ జ్ఞాపకం కావాలి, కాకపోతే వేరే రకం జ్ఞాపకం కావాలి. విషయం ఏమిటో గుర్తుండకపోయినా ఫరవాలేదు, అది ఎక్కడుందో గుర్తుండాలి. ఈ రెండో రకం జ్ఞాపకాన్ని పరీక్షకు ముందే తయారు చేసుకోవచ్చని, అది మొదటి రకం కంటే తేలికగా పట్టుబడుతుందని, అయితే అర్థం చేసుకోకుండా అదొక్కటే నేర్చుకుంటే ఉపయోగం లేదని ఈ అధ్యాయం వాదన.

ముందుగా ఆ పుస్తకం ఎలాంటిదో చూడాలి. ఐ.ఎస్. 456 మన దేశంలో కాంక్రీటు కట్టడాలకు నియమావళి. 1953లో మొదటిసారి వచ్చింది. 2000లో వచ్చినది నాలుగో సవరణ, తరగతి గదుల్లో నలిగేది అదే. మొత్తం 100 పేజీలు. అది చదువుకుంటూ పోయే పుస్తకం కాదు. క్లాజులు, ఉపక్లాజులు, పట్టికలు, పట్టికల కింద చిన్న అక్షరాల్లో గమనికలు, చివర అనుబంధాలు ఉంటాయి. ముందు విషయసూచిక ఉంది గానీ, పాఠ్యపుస్తకాల చివర ఉండే అకారాది సూచిక లేదు. ఒక క్లాజు ఇంకో క్లాజును చూడమంటుంది, అది మరో పట్టికను చూపిస్తుంది. దీన్ని రాసినవాళ్లు కట్టడం క్రమాన్ని బట్టి విభాగాలు చేశారు. ముందు సామగ్రి, తర్వాత సాధారణ డిజైన్ సూత్రాలు, ఆ తర్వాత బలాల లెక్కలు. పరీక్షలో వచ్చే ప్రశ్నకు ఆ క్రమంతో పనిలేదు. ఒక్క ప్రశ్నే పుస్తకమంతా అటూ ఇటూ తిప్పుతుంది. చిక్కంతా ఆ తిరుగుడులోనే ఉంది కనుక ఒక ప్రశ్న తీసుకుని చివరిదాకా నడిచి చూద్దాం.

విశాఖ తీరంలో, సముద్రపు గాలికి నేరుగా గురయ్యే భవనంలో ఒక బీము ఉందనుకోండి. వెడల్పు 300 మిల్లీమీటర్లు. పైఅంచు నుంచి అడుగు కడ్డీల మధ్యరేఖ దాకా లోతు 500 మిల్లీమీటర్లు. అడుగున 20 మిల్లీమీటర్ల కడ్డీలు నాలుగు. ఆధారానికి కొంచెం ఇవతల ఒక చోట 150 కిలోన్యూటన్ల షియర్ బలం పనిచేస్తోంది. బరువు పడితే బీము వంగడమే కాదు, ఆధారాల దగ్గర ఏటవాలుగా చీలడానికీ చూస్తుంది. ఆ చీలికను ఆపేవి కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగులు. కాంక్రీటు ఏ రకం వాడాలి, కడ్డీల మీద ఎంత కవర్ ఉండాలి, 8 మిల్లీమీటర్ల రింగులు ఎంత దూరానికొకటి కట్టాలి, ఇదీ ప్రశ్న. రింగుల ఇనుము ఎఫ్ఈ 415 రకం.

మొదటి మజిలీ 18వ పేజీలో పట్టిక 3. కట్టడం చుట్టూ ఉండే వాతావరణాన్ని అది ఐదు తరగతులు చేస్తుంది: మైల్డ్, మోడరేట్, సివియర్, వెరీ సివియర్, ఎక్‌స్ట్రీమ్. తొందరలో ఉన్నవాడు ఇక్కడే పడతాడు, ఎందుకంటే తీరం మాట ఈ పట్టికలో ఒకే చోట లేదు. ఉప్పుగాలి తగలకుండా చాటున ఉన్న తీరప్రాంత కాంక్రీటు మోడరేట్ కిందికి వస్తుంది. తీర వాతావరణానికి నేరుగా గురయ్యేది సివియర్. అలల తుంపర మీద పడేది వెరీ సివియర్. తీరం అన్న మాట కనిపించగానే మొదటి వరుస దగ్గర ఆగిపోతే సమాధానం మొదట్లోనే దారి తప్పుతుంది. మన బీముది సివియర్. అక్కడి నుంచి 20వ పేజీలో పట్టిక 5కు వెళ్తే, సివియర్ తరగతిలో రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు కనీసం ఎం30 అయి ఉండాలి, నీటికీ సిమెంటుకూ నిష్పత్తి 0.45 దాటకూడదు. కవర్ కోసం 47వ పేజీకి, పట్టిక 16కు పోవాలి. మోడరేట్‌కు 30 మిల్లీమీటర్లు, సివియర్‌కు 45, వెరీ సివియర్‌కు 50. పట్టిక కింద ఒక గమనిక ఉంది: సివియర్, వెరీ సివియర్ తరగతుల్లో ఎం35 లేదా అంతకు మించిన కాంక్రీటు వాడితే 5 మిల్లీమీటర్లు తగ్గించుకోవచ్చు. మనది ఎం30 కనుక ఆ సడలింపు వర్తించదు. కవర్ 45 మిల్లీమీటర్లే.

ఇక షియర్. 150 కిలోన్యూటన్లను 300, 500ల లబ్ధంతో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 1.0 న్యూటన్ ఒత్తిడి. కాంక్రీటు తనంతట తాను ఎంత మోయగలదో 73వ పేజీలో పట్టిక 19 చెబుతుంది. అందులోకి వెళ్లాలంటే రెండు సంఖ్యలు చేతిలో ఉండాలి: కాంక్రీటు రకం, ఇనుము శాతం. నాలుగు కడ్డీల వైశాల్యం 1257 చదరపు మిల్లీమీటర్లు, శాతం 0.84. ఎం30 నిలువు వరుసలో 0.75 శాతానికి 0.59, 1.00 శాతానికి 0.66 ఉన్నాయి. మధ్యలో పడే మన శాతానికి సుమారు 0.615 వస్తుంది. 1.0 కన్నా ఇది తక్కువ కనుక మిగిలిన భారం రింగులు మోయాలి. దాని కిందనే, అదే పేజీలో, అవే నిలువు వరుసలతో పట్టిక 20 ఉంది. అది కాంక్రీటు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని గరిష్ఠ ఒత్తిడి, ఎం30కి 3.5. కంగారులో కన్ను ఒక పట్టిక కిందికి జారితే 0.615 బదులు 3.5 రాసుకుని, రింగులు లెక్క కట్టనక్కరలేదని తేల్చేసే ప్రమాదం ఉంది. దీన్ని పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. పట్టిక 19లో అన్నిటికంటే పెద్ద సంఖ్య 1.01. అంతకు మించిన సంఖ్య మీ కాగితం మీద కనిపిస్తే మీరు చూసింది వేరే పట్టిక.

కాంక్రీటు మోసే వాటా 92 కిలోన్యూటన్లు పోగా రింగుల మీద సుమారు 58 పడుతుంది. రెండు కాళ్ల 8 మిల్లీమీటర్ల రింగు వైశాల్యం 100.5. క్లాజు 40.4లోని సూత్రంలో వేస్తే రింగుకూ రింగుకూ మధ్య 314 మిల్లీమీటర్లు వస్తుంది. లెక్క అయిపోయినట్టే ఉంటుంది, కాని కాలేదు. క్లాజు 26.5.1.5 ప్రకారం నిలువు రింగుల మధ్య దూరం లోతులో 0.75 వంతును గానీ, 300 మిల్లీమీటర్లను గానీ దాటకూడదు. దాని తర్వాతి క్లాజు 26.5.1.6 కనీసం ఎంత ఇనుము ఉండాలో చెబుతుంది. ఆ లెక్కన మన బీముకు గరిష్ఠ దూరం 302. అన్నిట్లోకీ చిన్నది 300, అదే జవాబు. లెక్క 73వ పేజీ పరిసరాల్లో జరిగింది, దాని మీద తీర్పు పాతిక పేజీల వెనక, 47, 48 పేజీల దగ్గర ఉంది. పైగా అది కవర్ కోసం ఇంతకుముందే చూసి వచ్చిన చోటు. చోటు తెలిసినవాడు కవర్ చూడ్డానికి వెళ్లినప్పుడే రింగుల హద్దు కూడా రాసుకుని వస్తాడు.

ఇదే ప్రశ్నకు పరీక్షకుడు ఒక్క వాక్యం జోడించాడనుకోండి: నాలుగు కడ్డీల్లో రెండింటిని ఆ చోటు దాటిన వెంటనే ఆపేశారు. పట్టిక 19 కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. ఇనుము శాతం కట్టేటప్పుడు, చూస్తున్న చోటు దాటి కనీసం బీము లోతంత దూరం కొనసాగే కడ్డీలనే లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు వైశాల్యం 628కి, శాతం 0.42కు పడిపోతాయి. కాంక్రీటు మోసేది 0.615 కాదు, సుమారు 0.46. రింగుల మీద భారం 58 నుంచి 81 కిలోన్యూటన్లకు పెరుగుతుంది, దూరం 223కు తగ్గుతుంది. నిర్మాణస్థలంలో 220కి ఒకటి కట్టమని రాస్తారు. గమనిక చదవనివాడు 300కి కట్టిస్తాడు. పుస్తకం ఇద్దరి దగ్గరా ఉంది, ఇద్దరూ అదే పేజీ తెరిచారు. తేడా అల్లా పట్టిక అడుగున ఉన్న ఒక్క వాక్యం. అంటే చోటు తెలియడమంటే పేజీ సంఖ్య తెలియడం ఒక్కటే కాదు, ఆ పేజీలో ఏ మూల ఏ మెలిక ఉందో కూడా తెలియాలి.

ఇప్పుడు కాలం లెక్క చూద్దాం. 70 మార్కులకు మూడు గంటలు అనుకుంటే 14 మార్కుల ప్రశ్నకు 36 నిమిషాలు. మన ప్రశ్నకు పుస్తకంలోకి ఆరుసార్లు వెళ్లాం: పట్టికలు 3, 5, 16, 19, 20, రింగుల హద్దు. ఒక్కోసారి విషయసూచిక చూసి, విభాగం వెతికి, పేజీలు తిప్పడానికి రెండు నిమిషాలు పడితే 12 నిమిషాలు, అంటే ప్రశ్నకున్న కాలంలో మూడో వంతు కాగితాలు తిప్పడానికే సరి. ఒక్కోసారి 20 సెకన్లయితే మొత్తం రెండు నిమిషాలు. కొత్తగా కాపురానికి వచ్చిన ఇంట్లో ఇంగువ డబ్బా కోసం అరలన్నీ వెతికేలోపు పోపు మాడినట్టు, ఇక్కడ మాడేది చేతిలో ఉన్న సంఖ్య. మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో సమీక్షించిన ప్రయోగాల ప్రకారం మనిషి ఒకే క్షణంలో మనసులో పట్టుకోగల విషయాలు దాదాపు నాలుగు. ఎం30, 0.84 శాతం, ఒత్తిడి 1.0, ఇప్పుడు వెతుకుతున్న పట్టిక సంఖ్య, ఇవే నాలుగయ్యాయి. పేజీలు తిప్పుతూ కంటబడే శీర్షికలు ఒక్కొక్కటీ వీటిలో ఒకదాన్ని తోసేస్తాయి. పట్టిక దొరికే వేళకు శాతం ఎంతో మళ్లీ లెక్కించుకోవాల్సి వస్తుంది. అందుకే పేజీ తిప్పే ముందు, ఆ పేజీలోకి తీసుకెళ్లాల్సిన సంఖ్యలను జవాబుపత్రం పక్కన రాసుకోవాలి.

చోటును గుర్తుపెట్టుకోవడం మనిషికి ఎంత సహజమో చూపించే ప్రయోగాలు ఉన్నాయి. 1971లో అమెరికా పరిశోధకుడు ఎర్న్‌స్ట్ రాత్‌కాఫ్ కొందరి చేత పన్నెండు పేజీల వ్యాసం చదివించి, అందులోని సమాచారం ఏ పేజీలో, పేజీలో ఏ భాగంలో ఉందో అడిగాడు. చోటు అడుగుతారని వాళ్లకు ముందుగా చెప్పలేదు. అయినా ఊహతో చెప్పగలిగిన దానికంటే మెరుగ్గా చెప్పారు. ఎడమ పేజీ అడుగున అనో, బొమ్మ కిందనే అనో మనకు గుర్తుండేది ఇందువల్లే. 2011లో బెట్సీ స్పారో, సహచరులు సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఇంకో మెట్టు కనిపిస్తుంది. టైపు చేసిన వాక్యాలు ఏ ఫోల్డరులో దాచబడ్డాయో చెబితే, జనానికి వాక్యాల కంటే ఫోల్డర్లే బాగా గుర్తున్నాయి. ఆ వ్యాసంలోని వేరొక ప్రయోగాన్ని 2018లో ఇంకొక బృందం మళ్లీ చేస్తే అదే ఫలితం రాలేదు కనుక మొత్తం వ్యాసం మీద బరువంతా పెట్టడం తగదు. కానీ రాత్‌కాఫ్ చూసిన సంగతి మనకు చాలు: చోటు గుర్తు ఉచితంగా వస్తుంది. ఒకే షరతు, చదివిన ప్రతే పరీక్షకు తీసుకెళ్లాలి.

ఈ షరతు చిన్నదేమీ కాదు. ఏడాదంతా ఫోనులో పీడీఎఫ్ చూస్తూ చదివి, పరీక్ష ముందురోజు స్నేహితుడి ప్రతి అరువు తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. పీడీఎఫ్‌లో ముందు అట్ట, ముందుమాట లాంటి కాగితాలు కలిసి ఉంటాయి గనుక తెర మీది పేజీ సంఖ్య, ముద్రించిన పేజీ సంఖ్య ఒకటి కావు. 73 అని గుర్తుపెట్టుకున్నది ఏ 73వోనని హాల్లో సందేహం వస్తే అప్పటిదాకా పోగు చేసుకున్న చోటు గుర్తు వృథా. అందుకని సెమిస్టరు మొదట్లోనే ఒక ప్రతి తీసుకుని, లెక్కలన్నీ దానితోనే చెయ్యాలి. సవరణ పత్రాలు అతికించి ఉన్నాయో లేదో మొదట్లోనే చూసుకోవాలి, ఎందుకంటే 2000 తర్వాత ఈ నియమావళికి ఒకటికి మించి సవరణలు వచ్చాయి, పాత జిరాక్సుల నుంచి తీసిన జిరాక్సుల్లో అవి ఉండకపోవచ్చు. జిరాక్స్ చేయించేటప్పుడు ఇంకో ముప్పు చిన్న అక్షరాలు చెరిగిపోవడం. పట్టిక 19 గమనిక సరిగ్గా అలాంటి అక్షరాల్లోనే ఉంటుంది.

తర్వాతి పని పుస్తకాన్ని ప్రశ్నల వైపు నుంచి అమర్చుకోవడం. పుస్తకం క్రమంలో పట్టికల జాబితా రాస్తే ఉపయోగం తక్కువ, అది విషయసూచికకు నకలే అవుతుంది. రాయాల్సింది ప్రశ్న వారీగా. షియర్ అని రాసి, దాని ఎదుట 73వ పేజీ పట్టిక 19, గమనిక, కిందనే పట్టిక 20, వెనక్కి 47, 48. నాలుగు వైపులా ఆధారమున్న స్లాబు అని రాసి, 91వ పేజీలో పట్టిక 26. బీము వంపు అని రాసి, 96వ పేజీలో అనుబంధం జి. ఇలా రాసుకుంటూ పోతే మొత్తం సెమిస్టరుకు పది పన్నెండు వరుసలు దాటవు. ఈ కాగితాన్ని హాల్లోకి రానివ్వరు, పుస్తకంలో చేతిరాత ఉన్నా ఇన్విజిలేటర్ అభ్యంతరం చెబుతారు. కనుక ఆ పన్నెండు వరుసలు బుర్రలో ఉండాలి. అలా ఉండటానికి చదవడం కంటే వెతకడం మేలు. ఒకరు ప్రశ్న రకం పైకి చెప్పాలి, ఇంకొకరు మూసిన పుస్తకం తెరిచి వేలు పెట్టాలి. 20 సెకన్లలో వేలు పడని వాటినే మళ్లీ మళ్లీ చెయ్యాలి, పడినవాటిని వదిలెయ్యాలి.

పేజీల అంచున రంగు కాగితాలు అతికించుకోనిస్తే ఇంకా మంచిది. అయితే ఎన్ని అన్నది ప్రశ్న. విలియం హిక్ 1952లో కొలిచి చూపించినట్టు, ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ ఎంపికకు పట్టే కాలమూ పెరుగుతుంది. అయినా నలభై రంగు కాగితాలు అంటించుకున్న ప్రతులు కనిపిస్తూనే ఉంటాయి. అన్ని పేజీలకూ గుర్తు పెడితే ఏ పేజీకీ గుర్తు పెట్టనట్టే, పైగా అతికించినంతసేపూ చదువుతున్నామన్న భ్రమ ఒకటి. ఎనిమిదో పదో చాలు. ఏ రంగు దేనికో చూడకుండా చెప్పలేకపోతే ఎక్కువయ్యాయని లెక్క.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఇది కూడా బట్టీయే కదా అన్నది. సూత్రాలకు బదులు పేజీ సంఖ్యలు బట్టీ పడుతున్నారు, అంతేకదా? కొంత నిజమే. అయితే తూకం వేరు. పట్టిక 19 ఒక్కదానిలోనే ఆరు నిలువు వరుసలు, పదమూడు అడ్డ వరుసలు ఉన్నాయి, ఆ సంఖ్యలన్నిటికీ ఒక్క చిరునామా చాలు. ఇంతకంటే ముఖ్యమైనది, ప్రశ్న వారీ జాబితా అర్థం కానివాడికి రాయడమే రాదు. షియర్ ఎదుట 26.5.1.5 ఎందుకు రాయాలో తెలియాలంటే, లెక్కలో వచ్చిన దూరం మరీ ఎక్కువైతే రెండు రింగుల మధ్య నుంచే ఏటవాలు పగులు సాగిపోతుందని తెలియాలి. ఇతరుల జాబితా తెచ్చుకుని వల్లె వేసినవాడికి ఆ ఎందుకు తెలియదు. ప్రశ్నలో కడ్డీలు ఆపేశారన్న ఒక్క మాట మారితే అతను గమనిక వైపు చూడడు. కనుక జాబితా ఎవరికి వారే రాసుకోవాలి. ఈ విషయంలో అచ్చు గైడ్లు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి.

రెండో అభ్యంతరం ఈ కాలానిది. ఉద్యోగంలో చేరాక ఎవరూ పేజీలు తిప్పరు, కంప్యూటర్లో మాట కొట్టి వెతుకుతారు, కనుక ఈ నేర్పు పరీక్షతోనే చచ్చిపోతుందంటారు. కానీ మాట కొట్టాలంటే పుస్తకం వాడే మాట తెలియాలి. మేస్త్రి రింగు అనేదాన్ని నియమావళి స్టిరప్ అంటుంది, హద్దు చెప్పే క్లాజు శీర్షికలో ఆ మాట కూడా లేదు, షియర్ రీయిన్‌ఫోర్స్‌మెంట్ దూరం అని ఉంది. షియర్ అని కొడితే పదుల కొద్దీ చోట్లు వస్తాయి. వాటిలో ఏది ఈ బీముకు వర్తిస్తుందో యంత్రం వెతుకులాట తేల్చదు. అన్నిటికంటే గడ్డు సంగతి, వెతకాల్సింది ఒకటుందని తెలియనివాడు దాన్ని వెతకడు. పట్టిక 19 కింద గమనిక ఉందన్న స్పృహ లేనివాడు ఏ మాట కొడతాడు?

మూడోది నిజంగా బరువైన అభ్యంతరం. పుస్తకం పక్కన ఉంటుందన్న ధీమా చదువును పలచన చేస్తుందా? చేస్తుందనడానికి ఆధారం ఉంది. పూజా అగర్వాల్, హెన్రీ రోడిగర్ 2011లో ప్రచురించిన ప్రయోగంలో, పుస్తకం చూసి రాసే పరీక్ష వస్తుందని ఎదురుచూసినవాళ్లు, తర్వాత పుస్తకం లేకుండా పెట్టిన పరీక్షలో వెనకబడ్డారు. అంతకు ముందు 2008లో అగర్వాల్ బృందమే చేసిన ఇంకో ప్రయోగంలో, పుస్తకం చూసి పరీక్ష రాసినవాళ్లు, చూడకుండా రాసి ఆ తర్వాత జవాబులు సరిచూసుకున్నవాళ్లు వారం తర్వాత ఒకే స్థాయిలో నిలిచారు. కేవలం మళ్లీ చదువుకున్నవాళ్లకంటే ఇద్దరూ మెరుగు. రెండిటినీ కలిపి చూస్తే పుస్తకం దగ్గరుండటం దోషం కాదు, ఉంటుందిలే అని ముందు పని మానెయ్యడమే దోషం. అందుకే పైన చెప్పిన సాధనలో ఒక నియమం కలుపుకోవాలి. పుస్తకం తెరిచే ముందు, అక్కడ సుమారు ఏ సంఖ్య కనిపిస్తుందో ఊహించి రాసుకోవాలి. ఎం30, ముప్పాతిక శాతం ఇనుము అంటే 0.6 దగ్గర ఉండాలని రాసుకుని పేజీ తెరిచినవాడు 3.5ను చూసి మోసపోడు. చోటు జ్ఞాపకానికి విషయం జ్ఞాపకం కాపలా కాయడం ఇదే.

ఇది ఇంజనీర్లకే పరిమితమైన వ్యవహారం కాదు. ప్రభుత్వోద్యోగులు పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో విత్ బుక్స్, వితౌట్ బుక్స్ అనే మాటలు బాగా ఎరుగుదురు. ఫండమెంటల్ రూల్సు, ఫైనాన్షియల్ కోడు ముందేసుకుని కూర్చున్న ఉపాధ్యాయుడికీ, ఐ.ఎస్. 456 ముందేసుకుని కూర్చున్న విద్యార్థికీ ఎదురయ్యేది ఒకటే చిక్కు: నియమం ఒకచోట ఉంటుంది, దాని మినహాయింపు ఇంకొక చోట ఉంటుంది. తొమ్మిదో తరగతిలో పుస్తకం చూసి రాసే పరీక్షలకు 2026-27 నుంచి వీలు కల్పిస్తూ సీబీఎస్‌ఈ తీసుకున్న నిర్ణయంతో ఈ చిక్కు బడిపిల్లల దాకా వస్తోంది. ఇదే బోర్డు 2014లో ఇలాంటి పద్ధతినే మొదలుపెట్టి మూడేళ్లకు ఆపేసింది. ఈసారి పుస్తకం ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, అందులో వెతకడం కూడా పాఠంగా చెప్పాలి.

ప్రశ్నపత్రాలు తయారు చేసేవారికి, హాళ్లు నడిపేవారికి ఒక విన్నపం. ఏ సంవత్సరపు ప్రతి, ఏ సవరణల దాకా, పేజీ గుర్తులు ఉండవచ్చా లేదా అన్నది ప్రశ్నపత్రం మీద కాదు, సెమిస్టరు మొదటి వారంలోనే కాగితం మీద రాసి ఇవ్వండి. విద్యార్థి తన చేత్తో రాసుకున్న ఒక్క పేజీ చిరునామాల జాబితాను కూడా హాల్లోకి రానివ్వండి. పుస్తకమే తెచ్చుకోనిచ్చాక ఆ పేజీని ఆపడంలో అర్థం లేదు.